కింద రెండు షాపులు, పైన మేము: మెట్లు ఎటు పెట్టాలి, సౌండ్ పైకి రాకుండా ఏం చెయ్యాలి?

లావణ్య, తాడేపల్లిగూడెం:
అందరికీ నమస్తే అండి. మాది 200 గజాల స్థలం, తూర్పు ముఖం, రోడ్డు వైపు 30 అడుగులు లోతు 60 అడుగులు. కింద రెండు షాపులు వేసి పైన మేము, అత్తయ్య మామయ్య ఉందామని ప్లాన్ గీయించాం. పక్కలకి 3 అడుగులు 3 అడుగులు వదిలారు కాబట్టి కట్టేది 24 అడుగుల వెడల్పు. ప్లాన్ గీసినాయన మెట్లు వెనక పెట్టేసి, ఆ పక్క సందులోంచి నడిచి వెళ్ళండి అప్పుడు షాపులకి ముఖం మొత్తం మిగులుతుంది అద్దె బాగా వస్తుంది అంటున్నారు. మామయ్య గారికి మోకాళ్ళ నొప్పి, ఆయన రూము ముందు వైపు వచ్చింది. ఒక షాపుకి మెడికల్ వాళ్ళు అడిగారు, ఇంకోదానికి టిఫిన్ సెంటర్ వాళ్ళు అడ్వాన్సు ఇస్తామని తిరుగుతున్నారు. వాళ్ళు తెల్లారి 4కే మొదలెడతారంట. సౌండ్ గురించి స్లాబ్ వెయ్యకముందే ఏమైనా చెయ్యచ్చా? ఇంకా పునాది దశలోనే ఉన్నాం.

సతీష్:
మెట్లు వెనకే కరెక్ట్ అండి, రోడ్డు మీద ఒక్కో అడుగుకి అద్దె ఉంటుంది, అది మెట్లకి ఇచ్చి ఎందుకు పోగొట్టుకోవడం. సౌండ్‌కి చాలా సింపుల్, స్లాబ్ 5 అంగుళాల బదులు 8 అంగుళాలు పోయించండి, కింద షాపులో సీలింగ్‌కి థర్మాకోల్ షీట్లు అంటించండి, ఇంక ఏమీ వినపడదు. మా ఫ్రెండు వాళ్ళు అలాగే చేశారు.

నాగేశ్వరరావు, సైట్ ఇంజనీరు, విజయవాడ:
సతీష్ గారూ, అద్దె సంగతి మీరు చెప్పింది నిజమే, మిగతా రెండూ మాత్రం చెయ్యకండి. ముందు మెట్ల సంగతి చెప్తాను లావణ్య గారూ.

3 అడుగుల సందు కాగితం మీద 3 అడుగులే. కట్టాక అందులోకి పైపులు దిగుతాయి, షాపు వాళ్ళ ఏసీ అవుట్‌డోర్ బిగిస్తారు, ఖాళీ అట్టపెట్టెలు పెడతారు, ఆఖరికి మీకు మిగిలేది అడుగున్నర రెండడుగులు. గ్యాస్ సిలిండర్, మంచం, ఫ్రిజ్, రేపు మామయ్య గారిని కుర్చీలో దించాల్సి వస్తే కుర్చీ, ఇవన్నీ అక్కడ తిరగవు. అసలు భయం మంటలు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌస్ దగ్గర జరిగింది గుర్తుందా, కింద నగల షాపులు, పైన కుటుంబాలు, పైకి వెళ్ళడానికి ఒకే ఒక ఇరుకు దారి, 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. మీ ఇంటి దారి షాపు పక్కనుంచో షాపు వెనక నుంచో పోతే షాపులో పొగ వచ్చినప్పుడు మీ దారిలోనే నిండుతుంది.

అందుకని మెట్లు దక్షిణం వైపు గోడని ఆనుకుని, రోడ్డు మీదకే గేటు తెరుచుకునేలా, నేరుగా ఎక్కే మెట్లుగా పెట్టించండి. వెనక్కి తిరిగే మెట్లయితే 8 అడుగుల పైన వెడల్పు తింటాయి, నేరుగా అయితే 4 అడుగులు చాలు. షాపు ఫ్లోర్ నుంచి మీ ఫ్లోర్‌కి 12న్నర అడుగులు అనుకోండి, అంటే 150 అంగుళాలు. 23 ఎత్తులు పెడితే ఒక్కోటి ఆరున్నర అంగుళాలు వస్తుంది, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి అది హాయి. అడుగు పెట్టే చోటు 10 అంగుళాల చొప్పున 21 మెట్లకి పదిహేడున్నర అడుగులు, మధ్యలో ఆగడానికి 4 అడుగుల ల్యాండింగ్, మొత్తం 21న్నర అడుగుల పొడవు. మీ 60 అడుగుల లోతులో అది లెక్క కాదు.

షాపులకి ఏం మిగులుతుందంటే, 24 అడుగుల్లో రెండు బయటి గోడలు, మెట్ల గోడ, షాపుల మధ్య గోడ, 4 అడుగుల మెట్లు తీసేస్తే 17 అడుగుల పైన. ఒక్కోటి 8 అడుగుల 8 అంగుళాలు. మెడికల్ షాపుకి చాలు. మెట్లకీ షాపుకీ మధ్య గోడ మాత్రం 9 అంగుళాలదే కట్టండి, పైన స్లాబ్ దాకా ఎక్కడా సందు లేకుండా, ఆ గోడలో కిటికీ తలుపు ఏమీ వద్దు.

లావణ్య:
చాలా థాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మెట్ల కింద ఖాళీ టిఫిన్ వాళ్ళు స్టోరుకి అడుగుతున్నారు, ఇవ్వచ్చా?

నాగేశ్వరరావు:
ఇవ్వకండి అమ్మా. నూనె డబ్బాలు, సిలిండర్లు అన్నీ అక్కడికే చేరతాయి, మీరు దిగాల్సింది వాటి మీదుగా. కరెంటు మీటర్లు కూడా మెట్ల కింద పెట్టించద్దు, రోడ్డు వైపు బయటి గోడకి పెట్టించండి. ఇంటికి ఒక మీటరు, షాపులకి దేనికది కమర్షియల్ మీటరు. ఇంకో చిన్న విషయం, మీ గేటుకీ షాపు అరుగుకీ మధ్య 3 అడుగుల ఎత్తు పొట్టి గోడ ఒకటి ముందుకి లాగండి. అది లేకపోతే పొద్దున్నే టిఫిన్‌కి వచ్చిన వాళ్ళ బండ్లన్నీ మీ గేటు ముందే ఉంటాయి, ప్లేట్లు పట్టుకుని మీ మెట్ల మీదే కూర్చుంటారు.

ప్రసాద్:
మాది పడమర ముఖం అండి, ఉన్న ఇంటికే ముందు హాలు షట్టర్ పెట్టి షాపు చేద్దామనుకుంటున్నా, పర్మిషన్ మళ్ళీ తీసుకోవాలా? షట్టర్ ఏ మూల పెడితే మంచిది?

నాగేశ్వరరావు:
ప్రసాద్ గారూ, ఇది కొత్తగా కట్టే ఇంటి గురించి. మీది ఇంటి వాడకం మార్చడం, మున్సిపాలిటీలో అడగాల్సిందే. విడిగా పోస్ట్ పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

స్వరూప, ఖమ్మం:
అక్కా, నేను మా ఇంటి సంగతి చెప్తా, నీకు పనికొస్తది. మా కింద పిండి గిర్ని ఉండె. స్లాబ్ మందమే, అయినా మోటర్ ఆన్ చేసిండంటే మా వంటింట్ల స్టీలు గిన్నెలు గలగలమని మోగుతుండె. ఫాల్స్ సీలింగ్ పెట్టించినం, దూది లెక్క ఉంటది కదా అది కూడ పైన పరిపించినం, కింద మాటలు వినపడుడు తగ్గింది గని ఆ గూం గూం మాత్రం అట్లనే ఉండె. తర్వాత ఒక మేస్త్రి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూడుమన్నడు, చెయ్యికి తెలుస్తుండె అదురుడు. మిషన్ దిమ్మె చుట్టూ ఫ్లోరింగ్ కోసి సందు చేసి, మిషన్ కింద రబ్బరు వేసినంక సగానికి సగం తగ్గింది. పూర్తిగ అయితే పోలే.

నాగేశ్వరరావు:
స్వరూప గారు చెప్పిందే అసలు విషయం. సౌండ్ పైకి వచ్చే దారులు రెండు, ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు.

మాటలు, టీవీ, గిన్నెల చప్పుడు గాలిలో వస్తాయి. 5, 6 అంగుళాల స్లాబే వాటిని బాగా ఆపుతుంది. మీకు వినపడుతున్నాయంటే స్లాబ్‌లోంచి కాదు, మెట్ల దారి, పైపులు దిగే డక్టు, ముందు కిటికీ, ఈ మూడిట్లోంచి. అందుకే 8 అంగుళాల స్లాబ్ వద్దన్నాను. ఆ 3 అంగుళాలకి చదరపు అడుగుకి 17 కిలోల పైన బరువు పెరుగుతుంది, బీములూ పునాదీ దానికి తగ్గట్టు మార్చాలి, చెవికి తెలిసే తేడా కొంచెమే. థర్మాకోల్ సౌండ్‌ని పీల్చదు, పైగా మంట అంటుకుంటే నల్లటి పొగతో కరుగుతూ కారుతుంది, వంట చేసే షాపులో అసలు పనికిరాదు.

గ్రైండర్, ఎగ్జాస్ట్ బ్లోయర్, ఫ్రిజ్ కంప్రెసర్, షట్టర్, ఇవి గోడనో ఫ్లోర్‌నో అదరగొడతాయి, ఆ అదురు పిల్లర్ ఎక్కి పైన ఏ రూములోనైనా దిగుతుంది. ఇది ఆపాల్సింది మిషన్ దగ్గరే. గ్రైండర్‌కి విడిగా దిమ్మె, ఫ్లోరింగ్‌కి తగలకుండా చుట్టూ సందు, పైన అంగుళం మందం రబ్బరు ప్యాడ్, గోడకి ఏ వైపూ ఆనకూడదు. బ్లోయర్‌కీ పొగ గొట్టానికీ మధ్య గుడ్డ జాయింట్ పెట్టించాలి, రేకు రేకు కలిపి బిగిస్తే గొట్టం మొత్తం మోగుతుంది. ఏది అదురుతోందో తెలియకపోతే అన్నీ ఆపించి ఒక్కోటే ఆన్ చేయిస్తూ పైన గోడకి చెవి ఆనించి వినండి, దొరికిపోతుంది.

లావణ్య:
షట్టర్ సౌండ్ మాటేంటండీ? మామయ్య గారి రూము సరిగ్గా దాని మీదే.

నాగేశ్వరరావు:
ముందు ఆ రూము మార్చండి, ఇప్పుడైతే పైసా ఖర్చు లేదు. ముందు వైపు హాలు పెట్టి పడక గదులు వెనక్కి తీసుకెళ్ళండి, కానీ కింద గ్రైండర్ ఎక్కడ పెడతారో అడిగి దాని పైన మాత్రం పడక గది పెట్టకండి. షట్టర్‌కి పక్క గైడ్లలో నైలాన్ పట్టీ, కింద పట్టీకి రబ్బరు వేయించి, స్ప్రింగ్ టెన్షన్ సరిగా పెట్టించండి. ముందు కిటికీలు జరిపే రకం కాకుండా రబ్బరు గాస్కెట్‌తో తలుపులా మూసుకునేవి పెడితే రోడ్డు సౌండ్ బాగా తగ్గుతుంది. మూసి ఉన్నంతసేపే అనుకోండి, ఎండాకాలం తెరిస్తే ఏ కిటికీ అయినా ఒకటే.

సతీష్:
థర్మాకోల్ గురించి తెలియక చెప్పాను సార్. కానీ గవర్నమెంటు రూలే ఉంది కదా, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా సౌండ్ చెయ్యకూడదని. టిఫిన్ వాడు 4కి మొదలెడితే కంప్లైంట్ పెట్టచ్చుగా?

నాగేశ్వరరావు:
రూలు ఉంది సతీష్ గారూ, ఇళ్ళ ఏరియాలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, కమర్షియల్ ఏరియాలో పగలు 65, రాత్రి 55. కానీ ఆ రోడ్డుని ఏ ఏరియా కింద లెక్కేస్తారో చూడాలి, పైగా మనమే అద్దెకిచ్చి మనమే కంప్లైంట్ పెట్టుకోవడం ఎందుకు, అగ్రిమెంట్‌లోనే రాయించుకుంటే పోతుంది. గ్రైండర్ 6కి ముందు ఆన్ చెయ్యకూడదు, ఏ మిషన్ పెట్టినా రబ్బరు ప్యాడ్ మీదే, గోడకి బిగించాలంటే ఓనరుని అడగాలి, ఇలా.

స్వరూప:
6 దాకా ఆగుమంటే టిఫిన్ సెంటరోళ్ళు ఒప్పుకుంటరా సార్? పిండి ముందు రోజు సాయంత్రమే రుబ్బి పెట్టుకోవాలె మరి. మా దగ్గర ఒకాయన అట్లనే చేస్తడు, ఎండాకాలం పిండి పులుస్తదని పెద్ద ఫ్రిజ్ కొన్నడు, ఇప్పుడు దాని మోటర్ రాత్రంత నడుస్తది.

లావణ్య:
నిజమే స్వరూప గారూ. పొద్దున్న ఆయన్ని అడిగాను, చట్నీకి కొబ్బరి మాత్రం అప్పటికప్పుడు రుబ్బాలి, 5 కన్నా ముందే అంటున్నారు. అద్దె మెడికల్ వాళ్ళ కన్నా నెలకి 4 వేలు ఎక్కువ ఇస్తానంటున్నారు, మా ఆయనేమో ఇద్దాం అంటారు. మెట్లు ముందుకి మార్చి ప్లాన్ మళ్ళీ గీయమని చెప్పేశాం, పడక గదులు వెనక్కి పంపించాం. ఒక్కటే మిగిలింది నాగేశ్వరరావు గారూ, పొగ గొట్టం వెనక నుంచి టెర్రస్ పైకి తీసుకెళ్తే పడక గది కిటికీల పక్క నుంచే పోతుంది, మెట్ల వైపు తెస్తే మెట్ల దారిలో వేడి. ఎటు పెట్టమంటారు?

నాగేశ్వరరావు:
మెట్ల వైపు మాత్రం వద్దు. వెనకే, కానీ కిటికీ లేని మూలకి జరిపి, గోడకి రబ్బరు వేసిన క్లాంపులతో, టెర్రస్ పిట్టగోడ దాటి పైకి. మూల దాకా కింద అడ్డంగా ఎన్ని అడుగులు లాగాల్సి వస్తుందో కొత్త ప్లాన్ వచ్చాక ఫోటో పెట్టండి, వంపులు ఎక్కువైతే పొగ సరిగా లాగదు, అప్పుడు బ్లోయర్ పెద్దది కావాలి, దాని సౌండ్ ఇంకోటి.