షార్ట్ ఫిల్మ్‌లో వీడియో కాల్ సీను: కొడుకు నటిస్తున్నాడని నాన్నకు ఎలా తెలియాలి?

పర్లాకిమిడి_కథలు: పది నిమిషాల సినిమా. కొడుకు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఇంజనీరు. ఉద్యోగం పోయి రెండు నెలలైంది, ఇంట్లో చెప్పలేదు. డిసెంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి నాన్న పర్లాకిమిడి నుంచి వీడియో కాల్ చేస్తాడు. "జీతం పడిందా?" అనగానే కొడుకు నెట్ ఆగినట్టు కదలకుండా కూర్చుంటాడు. వెనక కిటికీ తెర ఊగుతుంటుంది, నాన్న అది గమనిస్తాడు. నమ్మేలా ఉందా?

గుణుపురం_నాన్న: బాబూ, మా అబ్బాయి చదువు లోను మీద నేనూ సంతకం పెట్టాను. కిస్తీ కట్టలేదని బ్యాంకు మెసేజ్ నా ఫోనుకి వచ్చింది. వాడేమో "అంతా బాగుంది నాన్నా" అంటాడు. ఎలా అడగాలో చెప్పండి.

మ్యూనిక్_తమ్ముడు: ఇక్కడ డిసెంబరులో కిటికీలు మూసే ఉంటాయి, తెర ఊగదు. మీకు మూడైతే ఇక్కడ ఉదయం పదిన్నర. ఆఫీసు వేళలో ఇంట్లో ఉన్నాడంటే నాన్నకు అక్కడే అనుమానం రావాలి.

రాజు_రాయగడ: నిజంగా వాట్సాప్ కాల్ పెట్టి ఫోన్ తెరను షూట్ చేసేయండి. ఆలస్యం సహజంగా వస్తుంది.

బరంపురం_ఎడిటర్: రాజు గారూ, నటులకు అది మంచిదే. పక్క గదిలోంచి నిజంగా కాల్ మాట్లాడించండి, ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడి ఇద్దరూ ఆగిపోవడం బాగా వస్తుంది. కానీ తెరను నేరుగా తీస్తే ఒక్కో టేకులో ఆలస్యం ఒక్కోలా ఉంటుంది, కోతలు అతకవు. తెర కూడా మినుకుమినుకుమంటుంది. ఇద్దరినీ వేరే కెమెరాలతో తీసి, తెరలో బొమ్మ తర్వాత అతికించండి.

అసలు పని మొదటి నిమిషంలో ఉంది. "తిన్నావా?" అని అమ్మ అడిగితే జవాబు ఒక సెకను ఆగి రావాలి. రెండు మూడు సార్లు అలాగే జరిగితే ప్రేక్షకుడు దానికి అలవాటు పడతాడు. తర్వాత అసలు ప్రశ్నకు మౌనం వస్తే, అది నెట్‌దా, వాడిదా అని అతనే వెతుక్కుంటాడు. వెనక శబ్దంతో పట్టించకండి. బొమ్మ ఆగినా శబ్దం వస్తూ ఉండటం మామూలే. కొడుకు ఒక్కసారి కన్ను ఆర్పితే చాలు. నాన్న ఫోను దగ్గరగా పట్టుకుని చూస్తున్నాడు కదా.

పర్లాకిమిడి_కథలు: కిటికీ తెర ఊగడం తీసేస్తాను. గుణుపురం నాన్నగారూ, మీ మాటతో కథ మారింది. నాన్న బ్యాంకు మెసేజ్ చూశాకే కాల్ చేస్తాడు. జీతం ఊసెత్తడు. "ఈవేళ సెలవేట్రా?" అంటాడు, అంతే. అమ్మకు తెలియాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

మ్యూనిక్_తమ్ముడు: అమ్మకు ముందే తెలిసుంటే బాగుంటుంది.

బరంపురం_ఎడిటర్: నేనొప్పుకోను. తెలియకపోతేనే నాన్న ఆవిడ ముందు మాట దాచాలి.

గుణుపురం_నాన్న: మా ఆవిడకి ఇంకా తెలీదు. నిన్న వాడికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. పదిన్నర సంగతి ఇప్పుడే తెలిసింది. ఈసారి వాడి సాయంత్రం వేళ చూసి చేస్తాను.