కడియం నర్సరీ రేట్ల పోస్టర్: చూపు లేనివాళ్లకీ, ఎండలో చూసేవాళ్లకీ అందాలంటే?

కడియపులంక మొక్కలు
మా నర్సరీ రేట్ల పోస్టరు ఫేస్‌బుక్ పేజీలోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ పెడుతుంటామండి. ఆకుపచ్చ మీద ఎర్రక్షరాలు. పన్నెండు రకాల మొక్కలు, రేట్లు, ఫోన్ నంబరు అన్నీ బొమ్మలోనే. చూపు లేని కొనుగోలుదారు ఒకరు "నా ఫోను ఫొటో అని మాత్రమే చదువుతోంది" అని మెసేజ్ పెట్టారు. బొమ్మకి బదులు ఫోను చదివి వినిపించే వివరణ, అదే ఆల్ట్ టెక్స్ట్‌లో ఏం రాయాలి? పన్నెండూ రాయాలా?

పాలకొల్లు పేజీలు
ఆల్ట్ టెక్స్ట్ అంటే సెర్చ్ కోసమే కదండీ. "కడియం నర్సరీ, చవక మొక్కలు, హోల్‌సేల్ మొక్కలు" అని ఓ ఇరవై మాటలు దట్టించండి, రీచ్ దానంతటదే వస్తుంది.

రాజోలు డీటీపీ
సగం నిజమే. గూగుల్ ఇమేజెస్ ఆల్ట్ టెక్స్ట్‌ని చూస్తుంది. కానీ మాటలు అలా కుక్కొద్దని గూగుల్ తన సూచనల్లోనే చెబుతోంది. పైగా తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడేవాళ్లకి ఆ ఇరవై మాటలూ చెవిలో పడతాయి, రేటు మాత్రం తెలియదు.

కడియపులంక గారూ, పన్నెండు రేట్లూ ఆల్ట్‌లో వద్దు. అందులో మధ్యలో ఆగి వెనక్కెళ్లి ఒక్క వరస మళ్లీ వినడం కష్టం. ఆల్ట్‌లో ఇంతే రాయండి: "పన్నెండు రకాల మొక్కల ధరల పట్టిక. రేట్లన్నీ పోస్టులో రాసి ఉన్నాయి." రేట్లు పోస్టులోనే వరసకో మొక్క చొప్పున టైపు చేయండి: "నూరువరహాలు, పెద్ద కవరు, 60 రూపాయలు". 60/- అని వద్దు, కొన్ని గొంతులు ఆ గీతల్ని కూడా చదివేస్తాయి.

కంప్యూటర్‌లో అయితే ఫేస్‌బుక్ ఫొటో తెరిచి, మూడు చుక్కలు నొక్కితే `Change alt text` వస్తుంది. పాత పోస్టులకీ రాయొచ్చు. వాట్సాప్‌లో ఆ గడి లేదు కాబట్టి ఫొటో కింద రాసేదే ఆధారం.

రీచ్ వచ్చేది ఇక్కడేనండి. వాట్సాప్‌లో "నూరువరహాలు" అని వెతికితే కింద టైపు చేసిన మాట దొరుకుతుంది, బొమ్మలో ఉన్నది దొరకదు. టైపు చేసిన నంబరు నొక్కితే కాల్ వెళ్తుంది. బొమ్మలోదైతే చూసి మళ్లీ కొట్టుకోవాలి, ఆ శ్రమకి సగంమంది ఊరుకుంటారు.

కడియపులంక మొక్కలు
రంగు మార్చమంటారా? ఎరుపైతే కొట్టొచ్చినట్టు ఉంటుందని పెట్టాం.

రాజోలు డీటీపీ
మార్చాల్సిందే. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకి ఆ అక్షరాలు వెనకున్న రంగులో కలిసిపోతాయి. తేడా తెలిసినవాళ్లకీ ఇబ్బందే, ఎందుకంటే రెండింటి వెలుగూ దాదాపు ఒకటే. `#FF0000` అక్షరాల్ని `#008000` మీద పెడితే కాంట్రాస్ట్, అంటే వెలుగుల నిష్పత్తి, సుమారు 1.3. మామూలు సైజు అక్షరాలకి 4.5, బాగా పెద్దవాటికి 3 ఉండాలన్నది వెబ్ ప్రమాణం. అదే ఆకుపచ్చ మీద తెలుపు పెడితే 5 దాటుతుంది. `#006400` మీద తెలుపైతే 7 దాటుతుంది. అచ్చులో పోస్టరుకి బాగున్న రంగు మడి గట్టు మీద ఎండలో, వెలుగు తగ్గించిన ఫోన్‌లో కనబడదు. చూసుకోవడానికి సులువైన దారి: పోస్టరుని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. అక్షరం మాయమైతే రంగు తప్పు.

భీమవరం ప్రెస్
ఇంకో చిక్కుంది. ప్రెస్సులో అను ఫాంట్లలో కొట్టించిన ఫైలు నుంచి రేట్లు కాపీ చేసి పోస్టులో అతికిస్తే పిచ్చి గుర్తులే వస్తాయి. అది ఫోన్లు చదివే యూనికోడ్ కాదు. కన్వర్టర్‌లో మార్చాక వత్తులు, సున్నలు ఒక్కోటీ సరిచూడండి. లేదంటే ఫోన్‌లో గూగుల్ కీబోర్డుతో మళ్లీ కొట్టడమే మేలు.

ఆత్రేయపురం రేకులు
మాది పూతరేకుల వీడియో అండి. కుండ మీద రేకు తీస్తూ మాటల్లో చెబుతాం. పైన "ఆత్రేయపురం స్పెషల్" అని పెద్దక్షరాలు వేశాం. క్యాప్షన్ ఉన్నట్టే కదా?

రాజోలు డీటీపీ
అది శీర్షిక అండి. క్యాప్షన్ అంటే మాట్లాడినదంతా, మాట్లాడిన క్షణంలోనే కనబడాలి. వినబడనివాళ్లకీ, బస్సులో శబ్దం ఆపి చూసేవాళ్లకీ అదే దిక్కు. నోట్‌ప్యాడ్‌లో ఇలా రాయండి:

```
1
00:00:01,000 --> 00:00:04,000
బియ్యప్పిండి జారుగా, పాలలా కలపాలి

2
00:00:04,200 --> 00:00:07,500
కుండ వేడెక్కాక గుడ్డతో ఒక్కసారే పరవాలి
```

సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ `UTF-8` పెట్టండి. `ANSI`లో ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. ఫేస్‌బుక్‌కి ఫైలు పేరు `rekulu.te_IN.srt` అని ఉండాలి. ఒక్కసారికి రెండు వరసలు మించనీయకండి.

పాలకొల్లు పేజీలు
సరేనండి, కుక్కడం మానేస్తా. కానీ "అడీనియం", "అగ్లోనిమా" లాంటి పేర్లు తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? వెతికేవాళ్లు ఇంగ్లీషులోనే కొడతారు.

భీమవరం ప్రెస్
తెలుగు గొంతు ఇంగ్లీషు అక్షరాల్ని ఫోనుకో రకంగా చదువుతుంది. నేనైతే తెలుగులోనే రాస్తాను.

రాజోలు డీటీపీ
నేను రేట్ల వరసల్లో తెలుగు, చివర ఒక్క వరసలో అవే పేర్లు ఇంగ్లీషులో పెడతాను. వినేవాళ్లు ఆ వరస దాటేయొచ్చు. కడియపులంక గారూ, మీకు మెసేజ్ పెట్టినాయన్నే అడిగి చూడండి, ఆయన ఫోన్లో ఏది సాఫీగా వినబడుతుందో.