సాఫ్ట్‌మాక్స్‌ను “మెత్తని గరిష్ఠం” అనవచ్చా?

శారద: తెలుగు మాటను తత్సమం, తద్భవం, దేశ్యం అని మూడు జాతులుగా విడదీసే చిన్న ప్రోగ్రాం మీద వ్యాసం రాస్తున్నాను. ప్రోగ్రాం వేసే మార్కులను శాతాలుగా మార్చే సాఫ్ట్‌మాక్స్‌కు “మెత్తని గరిష్ఠం”, ఒక్కో జాతిని మిగతావాటి నుంచి విడిగా తేల్చే వన్ వర్సెస్ రెస్ట్‌కు “ఒకటీ మిగిలినవీ” అని పెట్టాను. చదివితే అర్థమవుతుందా?

రమణ: మెత్తని అంటే దూదో ఇడ్లీయో గుర్తొస్తుందమ్మా. “మృదు గరిష్ఠము” అంటే నిండుగా ఉంటుంది.

మూర్తి: మెత్తనైనా మృదువైనా “గరిష్ఠం” దగ్గరే తేడా కొడుతోంది. మీ ప్రోగ్రాం “రాతిరి” అనే మాటకు తద్భవం 2, దేశ్యం 1, తత్సమం 0 అని మార్కులు వేసిందనుకోండి. గరిష్ఠం అడిగితే వచ్చే జవాబు 2. మనకు కావలసింది ఆ 2 కాదు, అది ఏ జాతికి వచ్చిందన్నది. సాఫ్ట్‌మాక్స్ చేసే పని ఆ “ఏది” అన్న ప్రశ్నకు ఒక్క పేరు చెప్పకుండా మూడింటికీ పాళ్లు వేయడం. ఈ పేరును వాడుకలోకి తెచ్చింది 1990 ప్రాంతంలో జాన్ బ్రిడిల్. ఇంగ్లీషులోనే ఇది సరిపోలేదని కొందరు, గరిష్ఠం దేనికి వచ్చిందో చెప్పే ఆర్గ్‌మాక్స్ పేరు కలిపి, సాఫ్ట్ ఆర్గ్‌మాక్స్ అంటారు.

లెక్క చూడండి. ముందు e ని ఆ మార్కుల ఘాతానికి ఎత్తాలి: 7.39, 2.72, 1. మొత్తం 11.11. ఒక్కోదాన్ని దీనితో భాగిస్తే తద్భవానికి 67 శాతం, దేశ్యానికి 24, తత్సమానికి 9. ఒకరి వాటా పెరగాలంటే ఇంకొకరిది తగ్గాల్సిందే. అందుకే నేనైతే “పాళ్ల పంపకం” అంటాను.

కిరణ్: వన్ వర్సెస్ రెస్ట్‌లోనూ చివరికి అదే కదండీ. తద్భవమా కాదా, దేశ్యమా కాదా, తత్సమమా కాదా అని మూడు యంత్రాలు విడివిడిగా చెబుతాయి. అవే మార్కులైతే, ఒక్కో e ఘాతాన్ని దానికే 1 కలిపి వచ్చినదానితో భాగించగా 88, 73, 50 శాతం వస్తాయి. కలిపితే 211. మొత్తంతో భాగిస్తే నూరుకు సరిపోతుంది. నేనెప్పుడూ అలాగే చేస్తాను.

మూర్తి: రోజూ చూసే మాటలకు గెలిచే జాతి చాలాసార్లు ఒకటే అవుతుంది, అక్కడివరకు మీ మాట నిజం. “బస్సు” ఇచ్చి చూడండి. అది ఈ మూడింటిలో దేనికీ చెందదు, అన్యదేశ్యం. మార్కులు −3, −4, −5 వచ్చాయనుకుందాం. సాఫ్ట్‌మాక్స్ మార్కుల మధ్య తేడానే చూస్తుంది. అన్నిటికీ ఒకే సంఖ్య కలిపినా తీసేసినా జవాబు మారదు. కాబట్టి ఇక్కడా 67, 24, 9. “బస్సు తద్భవం” అని రాతిరికి చెప్పినంత గట్టిగా చెప్పేస్తుంది.

విడి యంత్రాలు మాత్రం 5, 2, 1 శాతం అంటాయి. అంటే ముగ్గురూ “నాది కాదు” అన్నట్టే. ఇప్పుడు మీ పద్ధతిలో భాగించండి: 66, 25, 9. ముగ్గురూ కాదన్న సంగతి ఆ భాగహారంలోనే పోయింది.

కిరణ్: అవును, భాగించే ముందు సంఖ్యలు నేనెప్పుడూ చూడలేదు. అయితే తెలియని మాటలను పట్టుకోవడానికి వన్ వర్సెస్ రెస్టే నమ్మకం అనుకోవచ్చా?

మూర్తి: అంత భరోసా ఇవ్వలేను. ఎన్నడూ చూడని మాటకు ఒక్కోసారి అదీ 90 శాతం అవునంటుంది. అన్యదేశ్యాలు నిజంగా వస్తాయని తెలిస్తే వాటినే నాలుగో జాతిగా పెట్టి నేర్పడం మేలు.

లలిత: నా గొడవ వేరు. పాడుకునే పదాలను భక్తి, శృంగారం, నీతి అని మూడు గుంపులు చేస్తున్నాను. క్షేత్రయ్య పదం దగ్గరికి వచ్చేసరికి సాఫ్ట్‌మాక్స్ శృంగారం 55, భక్తి 43 అంటోంది. యంత్రానికి అనుమానమా, లేక పదంలోనే రెండూ ఉన్నాయా?

మూర్తి: ఆ సంఖ్యలను బట్టి చెప్పలేమమ్మా. రెండూ నిండుగా ఉన్నా, ఏదీ తేలకపోయినా పంపకంలో ఒకేలా కనిపిస్తాయి. మీకు విడి యంత్రాలే కావాలి, భాగహారం లేకుండా. రెండూ 90 అంటే రెండూ ఉన్నట్టు, రెండూ 40 అంటే తేలనట్టు. నేర్పేటప్పుడు కూడా అలాంటి పదానికి రెండు గుర్తులూ పెట్టి ఇవ్వాలి.

లలిత: నేను ఒక్కోదానికి ఒకే గుర్తు పెట్టాను. అన్నీ మళ్లీ చూడాలన్నమాట.

శారద: “పాళ్ల పంపకం” తీసుకుంటున్నాను మాస్టారూ. మరి రెండోదానికి? ఒక్కో యంత్రం తన జాతిని పక్కన పెట్టి మిగతావన్నీ పరాయివిగా చూస్తోంది కదా, “తన-పర” అంటే?

రమణ: తన-పర అనగానే పక్షపాతం స్ఫురిస్తుంది. “ఔనా కాదా పద్ధతి” అనండి.

మూర్తి: ఔనా కాదా అంటే రెండే జాతులున్న లెక్క అనుకుంటారు. నాకు తన-పర నచ్చింది. కానీ రమణ గారి అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు.