ఆయిల్ పరీక్ష చేయించి 20 వేల బదులు 30 వేల కిలోమీటర్లకు మార్చవచ్చా?

టెక్కలి_యజమాని: టెక్కలి నుంచి విశాఖ వైపు గ్రానైట్ బ్లాకులు తోలే లారీలు మావి. కంపెనీ పుస్తకం ప్రకారం 20 వేల కిలోమీటర్లకు ఇంజిన్ ఆయిల్ మారుస్తున్నాం. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే 30 వేల వరకు నడపవచ్చంటున్నారు. ఇంజిన్లకు ప్రమాదం లేదా?

రాజాం_మెకానిక్: వద్దండీ. క్వారీ దుమ్ములో తిరిగే బండికి 20 వేలే ఎక్కువ. ఆయిల్ నల్లబడిందంటే దాని పని అయిపోయినట్టే.

ఫ్లీట్_నిర్వహణ: డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచడమే దాని పని. రంగు చూసి ఏదీ తేల్చలేం.

యజమాని గారూ, అన్ని బండ్లకూ ఒకేసారి పెంచకండి. వారంటీ దాటిన రెండు బండ్లు ఎంచుకోండి. 20 వేల దగ్గర ఆయిల్ దించకుండా శాంపిల్ మాత్రమే తీయండి. బండి తిరిగి వచ్చి ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే, డిప్‌స్టిక్ గొట్టంలోకి శుభ్రమైన సన్న పైపు దించి, ఆయిల్ మధ్యమట్టం నుంచి లాగాలి. సంప్ అడుగున పేరుకున్న మడ్డి వస్తే అంకెలు తప్పుతాయి. అదే బ్రాండు కొత్త ఆయిల్ శాంపిల్ కూడా ఒకటి పంపండి. అది లేకపోతే వచ్చిన అంకెలను దేనితో పోల్చాలో తెలియదు.

అంతా బాగుంటే 25 వేలకు మళ్లీ శాంపిల్, ఆ తర్వాతే 30 వేలు. ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని రిపోర్టులో టి.బి.ఎన్. అని రాస్తారు. అది కొత్త ఆయిల్‌లో ఉన్నదానిలో సగానికి పడిపోతే అక్కడే ఆపేయాలి. చిక్కదనం బాగా తగ్గితే ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందేమో చూడాలి.

పలాస_రైతు: మా ట్రాక్టరుకు కూడా ఇది పనికివస్తుందా?

ఫ్లీట్_నిర్వహణ: వస్తుంది, కానీ గంటల లెక్కన చూడాలి. ఒక్క ట్రాక్టరుకైతే పరీక్ష ఖర్చే ఆదాను తినేస్తుంది.

టెక్కలి_యజమాని: ఒక బండికి మధ్యమధ్యలో రెండేసి లీటర్లు పోస్తున్నాం. దాని రిపోర్టు అన్నిటికంటే బాగా వచ్చింది. దాన్నే ముందు 30 వేలకు పంపుదామనుకుంటున్నాను.

ఫ్లీట్_నిర్వహణ: దాన్ని అసలు పంపకండి! పోసిన కొత్త ఆయిల్, ఇంజిన్ అరిగి ఆయిల్‌లో కలిసిన లోహాన్ని పలుచన చేసి, టి.బి.ఎన్.‌ను పైకి లేపుతుంది. అందుకే రిపోర్టు బాగుంది. ఆయిల్ తాగే ఇంజిన్ ఎందుకు తాగుతోందో ముందు చూడాలి. ఎన్ని లీటర్లు పోశారో శాంపిల్ చీటీపై రాయాలి.

మా దగ్గర ఒకే రకం బండ్లు రెండింటి లెక్క చెబుతాను. మొదటిదానిలో 20 వేలకు ఇనుము 36 పి.పి.ఎం., 30 వేలకు 54. అంటే వెయ్యి కిలోమీటర్లకు 1.8 చొప్పున, అరుగుదల వేగం పెరగలేదు. దానికి 30 వేలు ఖాయం చేశాం. రెండోదానిలో 20 వేలకే ఇనుము 96, సిలికాన్ 38, అల్యూమినియం కూడా పెరిగింది. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్లే గొట్టం విప్పితే, క్లిప్పు వదులైన చోట లోపలివైపు బూడిదరంగు దుమ్ము చార కనిపించింది. ఆ బండి ఆయిల్ అప్పుడే దించేశాం. గడువు పెంచడానికి చేసిన పరీక్షే ఆ ఇంజిన్‌ను కాపాడింది.

బొబ్బిలి_ట్రాన్స్‌పోర్ట్: సిలికాన్ పెరిగితే దుమ్మే. ఫిల్టర్ సరిగా బిగించని మెకానిక్‌దే తప్పు. వేరే మాట లేదు.

రాజాం_మెకానిక్: ఈ మాట మీదే నా జీతం కోశారు! ఇంజిన్ ఓవర్‌హాల్ చేసి ఇచ్చాను. తర్వాత వచ్చిన రిపోర్టులో సిలికాన్ ఎక్కువుందని దుమ్ము లోపలికి వదిలానన్నారు. గొట్టాలన్నీ విప్పి చూపించినా వినలేదు.

ఫ్లీట్_నిర్వహణ: ఇనుము, అల్యూమినియం కూడా పెరిగాయా?

రాజాం_మెకానిక్: లేదు. సిలికాన్ ఒక్కటే.

ఫ్లీట్_నిర్వహణ: అయితే అది చాలావరకు మీరు గ్యాస్కెట్‌కు పూసిన సిలికాన్ గమ్ నుంచి వచ్చి ఉంటుంది. ఓవర్‌హాల్ తర్వాత అలా కనిపించడం మామూలే, తర్వాతి ఆయిల్‌లో తగ్గిపోతుంది. లోపలికి దుమ్ము పోతే అరుగుదల లోహాలు కూడా లేస్తాయి. బొబ్బిలి గారూ, ఒక్క అంకె పట్టుకుని మనిషిని దోషి చేయకూడదు.

బొబ్బిలి_ట్రాన్స్‌పోర్ట్: నష్టం వస్తే భరించేది యజమాని. అడిగే హక్కు మాకుంది.

రాజాం_మెకానిక్: నా భయం ఆయిల్ గురించి కాదు. 30 వేలకు నడిపి ఆదా అయితే మీ జేబులోకి, ఇంజిన్ పట్టేస్తే నా మెడకు. గడువు పెంచమని యజమాని సంతకంతో రాసివ్వమనండి, శాంపిల్ నేనే తీస్తాను.

టెక్కలి_యజమాని: ఆదా ఎంతో కూడా తేలాలి కదా.

ఫ్లీట్_నిర్వహణ: ఏడాదికి లక్ష కిలోమీటర్లు తిరిగే బండికి 20 వేల లెక్కన ఐదు మార్పులు, 30 వేల లెక్కన మూడుకు కాస్త పైన. మార్పుకు 20 లీటర్లనుకుంటే ఏడాదికి 33 లీటర్లు మిగులుతాయి. అందులోంచి పరీక్షల ఖర్చు తీసేయండి. ఆయిల్ ఫిల్టర్ అంత దూరం ఆగుతుందో లేదో కూడా కంపెనీని అడగండి. ఆయన అడిగిన కాగితం మాత్రం న్యాయమే.

బొబ్బిలి_ట్రాన్స్‌పోర్ట్: నేనైతే సంతకం పెట్టను.

టెక్కలి_యజమాని: రెండు బండ్లకు రాసిస్తాను. మిగతావి ఇప్పటికి 20 వేలకే.