నిమిషానికి వెయ్యి పదాలు చదవొచ్చంటున్నారు, నిజమేనా?

లంకకుర్రాడు, రాజోలు
అందరికీ నమస్కారమండి. గ్రూప్-2 కి ప్రిపేరవుతున్నా. పేపరు చదవడానికే గంటన్నర పోతోంది, మా రూమ్మేటేమో అరగంటలో మడిచి పడేసి టీకి పోతాడు. అందుకని మూడువేలు కట్టి ఆన్‌లైన్లో స్పీడ్ రీడింగ్ కోర్సు చేశా. లోపల గొంతు వినపడకూడదు, వెనక్కి చూడకూడదు, లైను మొత్తం ఒక్కసారే కంట్లో పడాలి అన్నారు. టెస్టుకి ధవళేశ్వరం ఆనకట్ట మీద 420 పదాల వ్యాసం తీసుకున్నా, 40 సెకన్లలో ఐపోయింది, అంటే నిమిషానికి 630! పదికి ఎనిమిది కరెక్టు. కానీ ఆర్థిక పేజీ అలాగే చదివితే ఒక్క ముక్క మిగలట్లేదు. తేడా ఎక్కడ కొడుతోంది?

కొబ్బరికొట్టు, అంబాజీపేట
నాకూ రెండేళ్ళుగా స్పీడు తగ్గిందండి, పేపరు చెయ్యి చాచి పట్టుకుంటే గానీ కనపడట్లేదు. చూపించుకుంటే చత్వారం అన్నారు. అద్దం వచ్చాక మళ్ళీ మామూలే. మీరూ ఒకసారి చూపించుకోండి.

లంకకుర్రాడు
నాకు 24 అండి 😄

పాతపేపరు, భీమవరం
వెనక్కి చూడ్డమే అసలు రోగం తమ్ముడూ. చదివిన లైన్ల మీద అట్టముక్క కప్పుకుంటూ దిగు. నేనలా చేసే స్పీడు పెంచా.

గట్టుమీదక్క, నరసాపురం
పాతపేపరు గారూ, అందులో సగం నిజముంది. ధ్యాస ఎటో పోయి ఊరికే వెనక్కెళ్ళే అలవాటుంటే అట్ట పనిచేస్తుంది. కానీ అర్థం కాకే వెనక్కెళ్తే ఆ చూపు ఉండాల్సిందే. 2014లో రేనర్ బృందం ఓ ప్రయోగం చేశారు, చదివేసిన పదం వెనకాలే చెరిగిపోయేలా స్క్రీన్ పెట్టారు, అర్థం చేసుకోవడం తగ్గింది.

తమ్ముడూ, కన్ను లైను మీద జారుతూ పోదు, ఆగి గెంతుతుంది. ఒక్కో ఆగుడు సుమారు పావు సెకను, అక్కడ స్పష్టంగా కనపడేది కొద్ది అక్షరాలే, పక్కన మసక. సెకనుకి నాలుగు ఆగుళ్ళు, ఆగినప్పుడల్లా పదం చొప్పున వేసుకో, నిమిషానికి 240. ఇంగ్లీషులో పెద్దవాళ్ళ సగటు కూడా దాదాపు అంతే, 2019లో బ్రైస్‌బార్ట్ 190 అధ్యయనాలు కలిపి చూస్తే 238 వచ్చింది. వెయ్యి కావాలంటే సెకనుకి దాదాపు పదిహేడు పదాలు, అంటే ముప్పాతిక వదిలేస్తున్నట్టే.

ఇంతకీ ఆ పది ప్రశ్నలూ మీ రూమ్మేట్‌కి వ్యాసం చూపించకుండా ఇచ్చి చూడు.

లంకకుర్రాడు (మర్నాడు)
అక్కా, పరువు పోయింది. చదవకుండానే ఏడు కరెక్టు పెట్టాడు. కట్టించిందెవరు, కాటన్ దొర. మొదలెట్టింది 1847, అయింది 1852. ఇవి గోదారి జిల్లాల్లో ఎవడికి తెలీవు! అంటే నా ఎనిమిదిలో చదివి తెచ్చుకున్నవి ఎన్నో నాకే తెలీదు.

రిజర్వ్ బ్యాంకు పాలసీ మీద 400 పదాల వ్యాసంతో కూడా చూశా. 40 సెకన్లకి మూడు మార్కులు. ఇంకో రోజు అదే సైజుది వేరేది, 2 నిమిషాల 40 సెకన్లు, అంటే నిమిషానికి 150, ఎనిమిది వచ్చాయి.

గట్టుమీదక్క
మనుషులకి స్పీడు తేడా రావడానికి పెద్ద కారణం ఇదే. పదం, విషయం ముందే ఎరిగినవాడికి ఆగుళ్ళు చిన్నవి, వెనక్కి చూపులు తక్కువ. మీ రూమ్మేట్ కన్ను గొప్పది కాదు, కామర్స్ చదివాడేమో అడుగు. లోపలి గొంతు జోలికి పోకు, మెలిక ఉన్న వాక్యం తేలేది దాంతోనే. నమ్మకం లేకపోతే ఒకటీ రెండూ అని పైకి లెక్కపెడుతూ ఎడిటోరియల్ చదువు.

వారం పాటు రెపో రేటు, ద్రవ్యోల్బణం, నగదు నిల్వ ఈ మూడూ కుదురుగా నేర్చుకో. తర్వాత పేపర్లో ఒక్కో వార్తకి హెడ్డింగు, మొదటి పేరా చూసి, అక్కర్లేనిది వదిలెయ్, కావాల్సింది నిదానంగా చదువు. పై పైన చూడ్డం తప్పు కాదు, దాన్ని చదవడం అనుకుంటేనే తంటా.

పాతపేపరు
అక్కా, 238 ఇంగ్లీషు లెక్క కదా. "చదవలేకపోతున్నానంటున్నాడు" మనకి ఒక్క పదం, వాళ్ళకి ఐదారు. మన 150 తక్కువెలా ఔతుంది?

గట్టుమీదక్క
మంచి పాయింటు, పక్కపక్కన పెట్టకూడదు. అంత పొడుగు పదం మీద కన్ను రెండుసార్లు ఆగొచ్చు కూడా. తమ్ముడు తన తెలుగు స్పీడుని తన తెలుగు స్పీడుతోనే పోల్చుకోవాలి.

లంకకుర్రాడు (పది రోజులకి)
రూమ్మేట్ బీకామేనండి. ఆ మూడూ నేర్చుకున్నాక పాలసీ మీద కొత్త వ్యాసం, 400 పదాలు, సరిగ్గా 2 నిమిషాలు, ఎనిమిది మార్కులు. ఈసారి ప్రశ్నలు ముందే ఇంకో ఫ్రెండ్‌కిచ్చా, వాడికి రెండే వచ్చాయి. కోర్సు వాళ్ళని డబ్బులు అడిగితే ప్రాక్టీస్ చాల్లేదన్నారు.

కొబ్బరికొట్టు
అట్టముక్క సంగతేంటండి చివరికి, మావాడు ఏడో క్లాసు, వేలు పెట్టి చదువుతాడు, మానిపించమంటారా ఉంచమంటారా?

పాతపేపరు
వేలు ఉంచండి. అక్కేమంటుందో చూద్దాం.