అమ్మ అరికాలి మచ్చ పెరుగుతోంది, బయాప్సీ తప్పదా?

అమ్మకి 61 ఏళ్లు. ఎడమ మడమ కింద ఉన్న నల్ల మచ్చ ఏడాది క్రితం మిరియపు గింజంత ఉండేది. నిన్న స్కేలు పెట్టి చూస్తే 9 మిల్లీమీటర్లు. 6 దాటితే చూపించుకోవాలంటారు కదా. మధ్యలో గీత ఊహించుకుంటే రెండు సగాలూ ఒకేలా లేవు. ఒక పక్క అంచు సిరా ఒలికినట్టు పాకింది, రంగు ఒకచోట గోధుమ, ఒకచోట కారు నలుపు. నొప్పి, దురద లేవు. అందుకే అమ్మ "చెప్పు ఒరుసుకుందిలే" అంటోంది.

మనలాంటి చామనఛాయ వాళ్లకి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఎక్కువగా అరికాళ్లలో, గోళ్ల కింద వస్తుందని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. సోమవారం స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. మచ్చని పెద్దదిగా చూపించే డెర్మోస్కోప్‌తో చూస్తే తేలిపోతుందా, బయాప్సీ తప్పదా? మచ్చ మొత్తం తీస్తారా, చిన్న ముక్కేనా? మడమ మీద కుట్లు పడ్డాక ఎన్నాళ్లకి నడిచారు? మీ ఇంట్లో ఎవరికైనా జరిగి ఉంటే దయచేసి చెప్పండి.