"ఇంక్రిమెంటల్ కెపాసిటీ"ని తెలుగులో ఏమనాలి?

సుజాత, రాయగడ: మా తమ్ముడికి ఈ-ఆటో సెల్ ఒకటి టెస్టు చేయించిన రిపోర్టు వచ్చింది. 'చివరి పీక్ కుంగింది, మధ్య పీక్ అలాగే ఉంది' అని రాశారు. దాన్ని ఇక్కడి మెకానిక్‌లకు తెలుగులో రాసివ్వాలి. 'పెరిగే సామర్థ్యం' అనొచ్చా?

సత్యం, పర్లాకిమిడి: అనొచ్చు. ఇంక్రిమెంట్ అంటే పెంపే కదా. పీక్ కుంగిందంటే లోపల రెసిస్టెన్స్ పెరిగిందని అర్థం.

కల్యాణి, గుణుపురం: సత్యంగారూ, అలా రాస్తే బ్యాటరీ బలపడుతోందని అనుకుంటారు. వోల్టేజి ఒక చిన్న మెట్టు ఎక్కడానికి ఎంత చార్జి పట్టిందన్నదే ఇందులో లెక్క, అంటే dQ/dV. చార్జి ఎక్కుతున్నా వోల్టేజి దాదాపు కదలని చోట గీత లేస్తుంది. అదే పీక్. రెసిస్టెన్స్ పెరిగితే చార్జింగ్ గీతలో పీకులు ప్రధానంగా కుడివైపుకి, ఎక్కువ వోల్టేజి వైపుకి జరుగుతాయి. సుజాతగారూ, అది ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లేనా? అంకెలున్నాయా?

సుజాత: ఎల్ఎఫ్‌పీయే. 100 ఆంపియర్-అవర్లది, ఇప్పుడు 84. రెండుసార్లూ 5 ఆంపియర్లతో, 25 డిగ్రీల దగ్గర చార్జి చేశారు. చివరి పీక్ కింద 42 ఆంపియర్-అవర్లు ఉండేది, 27 అయింది. పీకులు పక్కకి జరగలేదు.

కల్యాణి: అయితే బాగా చెప్పొచ్చు. ఎల్ఎఫ్‌పీ కాథోడ్ వోల్టేజి చదునుగా ఉంటుంది. పీకులు విడివిడిగా కనిపించేది అవతలి ఎలక్ట్రోడైన గ్రాఫైట్‌లో లిథియం అంచెలంచెలుగా నిండడం వల్ల. చివరి పీక్ ఆఖరి అంచెది. పోయిన 16లో 15 అక్కడే పోయాయి. అంటే గ్రాఫైట్‌లో చోటుంది, నింపడానికి తిరిగే లిథియమే చాలడం లేదు. గ్రాఫైటే దెబ్బతింటే మధ్య పీక్ కూడా చిన్నదయ్యేది.

రమణ, బరంపురం: మా ఇన్వర్టర్ బ్యాటరీ అరగంటలో దిగిపోతోంది. నీళ్లు పోస్తూనే ఉన్నాం. దానికీ ఈ గీత గీయించాలా?

కల్యాణి: నీళ్లు పోసేదైతే లెడ్ బ్యాటరీ అండీ. దానికి ఈ పీకుల లెక్క వేరు. ముందు ఒక్కో గదిలో యాసిడ్ సాంద్రత చూపించండి.

సత్యం: మరి షాపులోని 50 ఆంపియర్ల చార్జర్‌తోనే గీస్తే సరిపోదా?

కల్యాణి: అంత కరెంటుకి పీకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. నెమ్మదిగా ఎక్కించినా రీడింగుల్లో చిన్న వణుకు dQ/dVలో పెద్దదై, దొంగ పీకులు పుడతాయి. అందుకే కొన్ని మిల్లీవోల్టుల మెట్లు కట్టి లెక్కేస్తారు. మెట్టు మరీ పెద్దదైతే అసలు పీకే చదునైపోతుంది.

సుజాత: లిథియం ఎందుకు పోయింది? ఆ ఆటో కోరాపుట్‌లో తిరిగేది, చలికాలం తెల్లవారుజామున ఫాస్ట్ చార్జింగ్ పెట్టేవారట.

కల్యాణి: ఈ గీత ఒక్కటే చూసి చెప్పలేం. గ్రాఫైట్ మీద పొర మందమెక్కినా, చలిలో లిథియం లోహంగా పేరుకున్నా ఇదే గుర్తు పడుతుంది. చలిలో ఫాస్ట్ చార్జింగ్ అంటే నాకు రెండోదే అనుమానం. చల్లగా చార్జి చేసి ఆపాక వోల్టేజి ఎలా దిగిందో రికార్డు ఉందేమో అడగండి. మధ్యలో కాసేపు ఆగి దిగితే ఆ అనుమానం బలపడుతుంది.

సత్యం: పేరు మాటేంటి? 'మెట్టు చార్జి' అంటే?

కల్యాణి: నాకు నచ్చింది. పీక్‌ని మాత్రం పీక్ అనే రాయండి, మెకానిక్‌లందరూ అదే అంటారు.

సుజాత: మా తమ్ముడు 'మెట్టు చార్జి' అంటే చార్జర్ సెట్టింగ్ అనుకుంటారంటున్నాడు. ఇంకో మాట ఉంటే చెప్పండి.